గడువు దాటిన బిల్లులు, లేటు ఫీజు: షీటు లెక్క ఎలా వేస్తుందో క్లయింటుకు ఉత్తరం రాశాను, ఒకసారి చూడండి

లెక్కలమ్మ · సెప్టెంబరు 14, ఉదయం 7:40

నేను ఇంటి నుంచి నలుగురైదుగురు చిన్న వ్యాపారులకు పద్దులు రాస్తాను. ఒక క్లయింటు విజయవాడలో హోటళ్లకు, ఆసుపత్రులకు ఏసీల నిర్వహణ పని చేస్తారు. బిల్లులన్నీ ఒక గూగుల్ షీటులో ఉంటాయి. ఏది గడువు దాటిందో, ఎంత లేటు ఫీజు పడిందో అదే చెబుతుంది. ఈ నెల 8న ఉదయం ఆయన షీటు తెరిస్తే ఒక హోటల్ బిల్లు ఎదురుగా 1,687 రూపాయల ఫీజు కనిపించింది. మధ్యాహ్నం ఆ హోటల్ మిగిలిన డబ్బు వేసింది, నేను రాశాను. సాయంత్రం చూస్తే ఫీజు సున్నా. "పొద్దున ఉన్న డబ్బు సాయంత్రానికి ఎక్కడికి పోయిందమ్మా? అసలు ఈ షీటు దేన్నిబట్టి తేలుస్తోంది?" అని ఫోను చేశారు. ఫోనులో చెబితే ఆయనకూ గుర్తుండదు, నాకూ గుర్తుండదు. అందుకని ఉత్తరం రాశాను. పేర్లు తీసేసి కింద పెడుతున్నాను.

> ... గారికి నమస్కారం.
>
> మీరు అడిగిన దానికి ఆ హోటల్ బిల్లుతోనే జవాబు చెబుతాను. బిల్లు తేదీ 2025 జూన్ 10. పని విలువ 1,00,000, జీఎస్టీ 18,000, మొత్తం 1,18,000. హోటల్ వారు పని విలువ మీద ఒక శాతం, అంటే 1,000 రూపాయలు, టీడీఎస్ కింద పట్టుకుని మీ పాన్ మీద కడతారు. అది ఆలస్యమైన డబ్బు కాదు. కాబట్టి షీటు మొదటే దాన్ని తీసేసి, మనకు రావలసింది 1,17,000 అనుకుంటుంది.
>
> బిల్లు తేదీకి మీరు ఇచ్చిన 30 రోజుల అరువు కలిపితే గడువు జులై 10. ఆ రోజున డబ్బు వచ్చినా ఆలస్యం కాదు. ఆ తరువాత ఏడు రోజులు ఓపిక పట్టమన్నారు మీరు. అందువల్ల జులై 17 వరకు వరుస తెల్లగానే ఉంటుంది, 18న ఎర్రబడుతుంది. ఒకసారి ఎర్రబడితే ఫీజు మాత్రం 11వ తేదీ నుంచి లెక్కకు వస్తుంది, 18 నుంచి కాదు.
>
> ఫీజు ఏడాదికి 18 శాతం, సాధారణ వడ్డీ. మిగిలి ఉన్న బాకీలో 18 శాతాన్ని గడువు దాటిన రోజులతో గుణించి, 365తో భాగిస్తుంది. 8వ తేదీ ఉదయానికి బాకీ 57,000, దాటిన రోజులు 60. అదే 1,687. డబ్బు పూర్తిగా వచ్చాక బాకీ సున్నా కనుక ఫీజు కూడా ముగిసిపోతుంది.

చివరి వాక్యం రాస్తున్నప్పుడు చేయి కాస్త ఆగింది. ఎందుకో తెలియదు. మీ అభిప్రాయం చెప్పండి.

---

ఒక్కముక్క · ఉదయం 8:05

ఇంత ఉత్తరం ఏ క్లయింటు చదువుతాడు? "సున్నా అయింది ఎందుకంటే కట్టేశారు" అంటే చాలదా?

---

శ్రావణి_బొటిక్ · ఉదయం 8:22

నాకు తెలిసి లేటు ఫీజు రోజుకు 50 రూపాయలు. అమ్మకాలే లేకపోతే రోజుకు 20. పోయిన నెల నాలుగు రోజులు ఆలస్యమైతే 200 కట్టాను. మీరు 18 శాతం ఎందుకు వేస్తున్నారు?

---

లెక్కలమ్మ · ఉదయం 8:31

శ్రావణి గారూ, మీరు చెబుతున్నది జీఎస్టీ రిటర్ను ఆలస్యమైతే ప్రభుత్వానికి మనం కట్టే ఫీజు. ఇది మన బిల్లు ఆలస్యంగా కట్టిన గిరాకీ నుంచి మనం అడిగేది. పేరు ఒకటే కావడంతో మా క్లయింటు కూడా మొదట్లో అలాగే అనుకున్నారు.

---

పాతచిట్టా · ఉదయం 9:10

అమ్మా, మీ చేయి ఆగింది సరైన చోటే. ఆ చివరి వాక్యం షీటు తప్పుకు మీరు చెప్పిన సాకు.

ముందు ఒక్కటి చెప్పండి. ఆ 1,17,000లో 57,000 మాత్రమే 8వ తేదీ వరకు మిగిలిందంటే, 60,000 అంతకు ముందే వచ్చి ఉండాలి. ఎప్పుడు వచ్చింది?

---

లెక్కలమ్మ · ఉదయం 9:18

ఆగస్టు 9న అండి.

---

పాతచిట్టా · ఉదయం 9:41

గడువు జులై 10. అంటే ఆ 60,000 కూడా 30 రోజులు ఆలస్యంగానే వచ్చింది. మీ షీటు దానికి పైసా వేయలేదు, ఎందుకంటే అది చూసేది ఇవాళ మిగిలిన బాకీనే. నిన్నటి బాకీ ఎంతో దానికి గుర్తులేదు.

చేత్తో వేసి చూడండి. జులై 10 నుంచి ఆగస్టు 9 వరకు 30 రోజులు 1,17,000 బాకీ ఉంది. దాని మీద 1,730 రూపాయల 96 పైసలు. ఆగస్టు 9 నుంచి సెప్టెంబరు 8 వరకు ఇంకో 30 రోజులు 57,000. దాని మీద 843 రూపాయల 29 పైసలు. రెండూ కలిపితే 2,574. మీ షీటు ఉదయం 1,687 అంది, సాయంత్రం సున్నా అంది. రెండూ తప్పే. సాయంత్రం తప్పు పెద్దది కాబట్టి మీ క్లయింటు కంటికి ఆనింది, ఉదయం తప్పు ఆనలేదు.

నేను బ్యాంకులో చేరిన రోజుల్లో లెడ్జరులో నిల్వ పక్కన రోజులు, ఆ పక్కన "ప్రొడక్టు" అని గడి ఉండేది. నిల్వ మారిన ప్రతిసారీ పాత నిల్వను అది ఉన్న రోజులతో గుణించి అక్కడ రాసేవాళ్లం. ఆరు నెలలకు ఒకసారి ఆ గడులన్నీ కూడి వడ్డీ కట్టేవాళ్లం. మీ షీటులో లేనిది ఆ గడి.

---

గడుల_గోపి · ఉదయం 10:15

పెద్దాయన చెప్పింది సరిగ్గా రోగనిర్ణయం. మీ సూత్రం ఇలా ఉందేమో:

```
=ROUND(H4*18%/365*MAX(0,TODAY()-F4),0)
```

H బాకీ, F గడువు తేదీ. అవునా? అయితే ఇందులో ఇంకో చిక్కు ఉంది. `TODAY()` ఉన్నంత కాలం మీరు క్లయింటుకు పంపిన అంకె మరునాటికి మారుతుంది. హోటల్ వారు ముద్రించిన కాగితం పట్టుకుని ఫోను చేసేసరికి మీ తెర మీద వేరే అంకె ఉంటుంది.

---

లెక్కలమ్మ · ఉదయం 10:22

అదే సూత్రం, బయట ఒక `IFERROR` మాత్రం చుట్టాను. ఇప్పుడు అర్థమైంది, నా షీటు ప్రకారం ఎవరైనా ఏడాది ఆలస్యం చేసి చివరి రోజున మొత్తం కట్టేస్తే ఫీజు సున్నా. ఆరు నెలలుగా ఇదే నడుస్తోంది. ఉత్తరం రాయకపోతే కనుక్కునేదాన్నే కాదు.

---

గడుల_గోపి · ఉదయం 11:02

సరిచేయడం కష్టం కాదు. వసూళ్లను బిల్లు వరుసలోనే రాయకుండా వేరే పేజీలో రాయండి. ఒక్కో వసూలుకు ఒక్కో వరుస: బిల్లు నంబరు, వచ్చిన తేదీ, మొత్తం. నాలుగో గడిలో పాతచిట్టా గారి ప్రొడక్టు. బిల్లుల పేజీలో H బాకీ కూడా ఇక ఈ వసూళ్లను తీసివేసి వచ్చేలా మార్చుకోండి.

ఆయన బాకీ వైపు నుంచి వేశారు, షీటులో వసూలు వైపు నుంచి వేస్తే తేలిక. ప్రతి రూపాయినీ "నువ్వు గడువు దాటాక ఎన్ని రోజులకు వచ్చావు?" అని అడిగినట్టు. 60,000 రూపాయలు 30 రోజులకు వచ్చాయి, 57,000 రూపాయలు 60 రోజులకు. రెండు ప్రొడక్టులు కలిపితే 52,20,000. దాన్ని 18 శాతంతో గుణించి 365తో భాగిస్తే మళ్లీ అదే 2,574.

వసూళ్ల పేజీలో:

```
=C2*MAX(0,B2-XLOOKUP(A2,Bills!A:A,Bills!F:F))
```

బిల్లుల పేజీలో:

```
=ROUND((SUMIF(Receipts!A:A,A4,Receipts!D:D)
  +H4*MAX(0,$K$1-F4))*18%/365,0)
```

మొదటి భాగం ఇప్పటికే వచ్చిన డబ్బు ఆలస్యం, రెండోది ఇంకా రావలసిన డబ్బు ఆలస్యం. పూర్తిగా కట్టేస్తే రెండోది సున్నా అవుతుంది, మొదటిది నిలిచి ఉంటుంది. K1లో "ఏ తేదీ నాటికి" అన్నది మీ చేత్తో రాయండి, `TODAY()` వద్దు. ఒక జాగ్రత్త: K1లో పాత తేదీ వేసి వెనక్కి చూడాలనుకుంటే ఇది పనికిరాదు. ఆ తేదీ తరువాత వచ్చిన వసూళ్లను కూడా కలిపేస్తుంది.

ఏడు రోజుల ఓపిక ఇందులో లేదు. ఏడో రోజు ముగిసేలోపు అంతా వస్తే సున్నా చేసే `IF` ఒకటి పైన చుట్టుకోవాలి.

---

కిరణ్_గుంటూరు · ఉదయం 11:30

అసలు మీరు ఇంత శ్రమపడనక్కరలేదు. చట్టం ప్రకారం అందరికీ 45 రోజులు గడువు. ఆ తరువాత రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, అదీ చక్రవడ్డీ. అరువు 30 రోజులు అని మీరు పెట్టుకున్నా చెల్లదు. ఉత్తరంలో ఇదొక్కటి రాయండి, హోటల్ వాడు పరుగెత్తుకొస్తాడు.

---

పాతచిట్టా · మధ్యాహ్నం 12:20

కిరణ్ బాబూ, సగం సరిగ్గా చెప్పారు. మూడింతలు, నెల నెలా చక్రవడ్డీ అన్నది నిజం. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టంలో 16వ సెక్షను. బ్యాంకు రేటు 2025 జూన్‌లో 5.75కు వచ్చింది, కాబట్టి మూడింతలు 17.25. అదే 2025 ఫిబ్రవరిలో ఆ రేటు 6.50, ఏప్రిల్‌లో 6.25. అంటే ఆ లెక్క షీటులో పెట్టాలంటే రేట్లకే ఒక పట్టిక కావాలి.

45 రోజులు అందరికీ కాదు. అది పై హద్దు. రాతపూర్వకంగా 30 రోజులు ఒప్పుకుంటే 30 రోజులే చెల్లుతుంది. 60 రోజులు అని రాసుకున్నా 45 దగ్గర ఆగిపోతుంది. ఏమీ రాసుకోకపోతే 15 రోజులే. పైగా అమ్మినవారు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యం నమోదు చేసుకుని ఉండాలి, పని చేసేనాటికే. సరుకు కొని అమ్మే వర్తకులకు నమోదు ఉన్నా ఈ వడ్డీ హక్కు రాదు. ఏసీల నిర్వహణ సేవ కాబట్టి ఈ క్లయింటుకు వర్తించవచ్చు.

అయినా ఉత్తరంలో అది వద్దు. ఇది హోటల్‌కు నోటీసు కాదు, క్లయింటుకు తన షీటు ఎలా నడుస్తుందో చెప్పే కాగితం.

---

కిరణ్_గుంటూరు · మధ్యాహ్నం 12:34

15 రోజుల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ చట్టం 17.25 చక్రవడ్డీ ఇస్తుంటే మీరు 18 సాధారణ వడ్డీ అడగడం ఏమిటి? రెండింటిలో ఏది నిలుస్తుంది?

---

పాతచిట్టా · మధ్యాహ్నం 12:50

రెండు నెలల ఆలస్యానికి తేడా వందల్లో కూడా ఉండదు, అందుకే ఎవరూ తేల్చుకోరు. వివాదం పెద్దదైతే వకీలును అడగాలి. నేను బ్యాంకు గుమాస్తాను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకోటి. 18 శాతం అన్నది ఎక్కడ రాసి ఉంది? ఒప్పందంలోనా, బిల్లు అడుగున చిన్న అక్షరాల్లోనా?

---

లెక్కలమ్మ · మధ్యాహ్నం 1:05

బిల్లు అడుగునే. పని ఒప్పుకునే ముందు పంపే కొటేషనులో లేదు.

---

బిల్లులబల్ల · మధ్యాహ్నం 1:40

నేను అవతలి పక్క మనిషిని. హైదరాబాదులో ఒక హోటల్‌లో వచ్చే బిల్లులు చూసే బల్ల నాది. ఇక్కడ ఎవరూ అడగని విషయం ఒకటి చెబుతాను.

మీరు జూన్ 10 నుంచి 30 రోజులు లెక్కపెట్టారు. మా దగ్గర లెక్క మొదలయ్యేది బిల్లు మా బల్ల మీదకు వచ్చిన రోజు నుంచి. అదీ పని అయినట్టు మా ఇంజినీరు సంతకం చేసిన జాబ్ షీటు జతగా ఉంటేనే. 10వ తేదీ వేసిన బిల్లును 20న పంపి, తరువాతి నెల 11న "గడువు దాటింది" అని ఎర్రరంగు కాగితం పంపేవాళ్లు నెలకు ముగ్గురైనా ఉంటారు. వాళ్ల షీటులో తప్పు లేదు. తేదీ తప్పు.

ఇంకోటి, టీడీఎస్ తీసి లెక్కకట్టినందుకు మీకు దండం. చాలామంది ఆ వెయ్యి రూపాయలను బాకీగా చూపించి, దానికి మళ్లీ ఏడాదిపాటు వడ్డీ వేసి పంపుతారు.

---

లెక్కలమ్మ · మధ్యాహ్నం 2:15

టీడీఎస్ సంగతి నేనూ దెబ్బ తిని నేర్చుకున్నదే. మూడు నెలలకు ఒకసారి, పాన్ మీద ఎవరు ఎంత పన్ను కట్టారో చూపే 26ఏఎస్ పత్రంతో సరిచూస్తాను. హోటల్ పట్టుకోకుండా పూర్తిగా కడితే నా షీటులో బాకీ మైనస్ 1,000 అని వస్తుంది, అప్పుడు తెలిసిపోతుంది.

బిల్లు పంపిన తేదీ నా దగ్గర అసలు లేదు. ఆయన వాట్సాప్‌లో పంపుతారు. అడగాలి.

---

గడుల_గోపి · మధ్యాహ్నం 2:48

తేదీల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. షీటు ఏ దేశం అమరికలో ఉంది? `File > Settings > Locale` చూడండి.

---

లెక్కలమ్మ · మధ్యాహ్నం 3:06

United States అని ఉంది. మా క్లయింటు అబ్బాయి తెరిచిన షీటు అది. మార్చాలా?

---

గడుల_గోపి · మధ్యాహ్నం 3:30

మార్చాలి, కానీ మార్చడంతో పాత తప్పులు పోవు. ఆ అమరికలో 10/06/2025 అని కొడితే షీటుకు అది అక్టోబరు 6. గడువు నవంబరులోకి పోతుంది, అంతవరకు వరుస తెల్లగా నవ్వుతూ ఉంటుంది. 25/06/2025 అని కొడితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా కాక మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. దానికి 30 కలపబోతే `#VALUE!` వస్తుంది. మీరు ఫీజు గడికిలాగే గడువు గడికి కూడా `IFERROR` చుట్టి ఉంటే ఆ తప్పు కూడా కనబడదు, ఖాళీగా ఉంటుంది. ఆ బిల్లు ఎప్పటికీ గడువు దాటదు.

కనిపెట్టడం సులభం. మీరు అమరిక ముట్టుకోని గడుల్లో నిజమైన తేదీ కుడివైపుకు ఆనుకుంటుంది, అక్షరాలుగా మిగిలింది ఎడమవైపుకు. అనుమానం ఉంటే పక్కన `=ISNUMBER(D4)` కొట్టండి, `FALSE` వస్తే అది తేదీ కాదు. తిరగబడిన తేదీలను మాత్రం ఇది పట్టుకోదు, అవి తేదీలే కాబట్టి. వాటికి బిల్లు నంబరు వరుసలో చూసుకుంటూ పోవాలి. 41వ బిల్లు జూన్‌లో, 42వది అక్టోబరులో, 43వది మళ్లీ జూన్‌లో ఉంటే మధ్యది తిరగబడిందని అర్థం.

---

లెక్కలమ్మ · సాయంత్రం 5:50

రెండు గంటలు కూర్చున్నాను. నేను కొట్టినవన్నీ బాగున్నాయి, ఎందుకంటే నాకు జూన్ అని నెల పేరు రాసే అలవాటు. ఆయన ఫోను నుంచి కొట్టినవి పదకొండు. అందులో నాలుగు తిరగబడ్డాయి, మూడు ఎడమవైపుకు ఆనుకున్నాయి. అవును, `IFERROR` నేనే చుట్టాను. చూడటానికి శుభ్రంగా ఉంటుందని.

ఆ మూడింటిలో ఒక ఆసుపత్రి బిల్లు ఉంది. ఏప్రిల్ నుంచి రాలేదు. షీటు ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. ఆయన కూడా మరచిపోయారు.

---

శ్రావణి_బొటిక్ · సాయంత్రం 6:10

అయ్యో. మా దగ్గర అరువు పుస్తకమే నయం అనిపిస్తోంది. బ్లౌజులు కుట్టించుకుని పండగ తరువాత ఇస్తామనేవాళ్లకు 18 శాతం వేస్తే మళ్లీ గుమ్మం తొక్కుతారా? నాకు ఫీజు వద్దు, ఎవరు ఎన్నాళ్లుగా ఇవ్వలేదో తెలిస్తే చాలు.

---

గడుల_గోపి · సాయంత్రం 6:18

అయితే మీకు గడువు గడి వరకు చాలు, ఫీజు గడి తీసేయండి. తేదీలు మాత్రం సరిగ్గా ఉండాలి.

---

పాతచిట్టా · సాయంత్రం 6:45

అమ్మా, ఇంకొక్క ప్రశ్న, తరువాత మిమ్మల్ని వదిలేస్తాను. ఆగస్టు 9న వచ్చిన 60,000 ఈ బిల్లుకే అని ఎవరు చెప్పారు? ఆ హోటల్‌కు వేరే బిల్లులు లేవా?

---

లెక్కలమ్మ · సాయంత్రం 6:58

ఉన్నాయి. జులైది ఒకటి. హోటల్ వారు ఏమీ చెప్పలేదు, గుండుగుత్తగా ఒక మొత్తం వేశారు. పాతదానికి ముందు జమ చేయడం నాకు అలవాటు.

---

పాతచిట్టా · రాత్రి 7:25

అలవాటు మంచిదే. కానీ ఉత్తరంలో రాయండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 59, 60, 61 సెక్షన్లు దీని గురించే. ఇచ్చినవాడు ఫలానా బిల్లుకు అని చెబితే దానికే జమ చేయాలి. వాడు చెప్పకపోతే పుచ్చుకున్నవాడి ఇష్టం. ఇద్దరూ ఏమీ అనకపోతే పాత బాకీ నుంచి వరుసగా. మీరు మూడో దారిలో ఉన్నారు, ఇబ్బంది లేదు. కానీ ఒక నెల పాతదానికి, ఒక నెల కొత్తదానికి జమ చేస్తే ఫీజు మీ చేతిలో రబ్బరులా సాగుతుంది. అది మీ క్లయింటుకు తెలియాలి.

జీఎస్టీ కూడా మరవకండి. ఆలస్యానికి పుచ్చుకున్న ఫీజు కూడా ఆ సేవ విలువలో భాగమే. దాని మీద 18 శాతం పన్ను ఉంది, కాకపోతే ఫీజు చేతికి వచ్చిన రోజున పుడుతుంది. షీటులో 2,574 కనబడినంత మాత్రాన పన్ను పుట్టదు.

---

బిల్లులబల్ల · రాత్రి 7:40

దానికి డెబిట్ నోటు పంపండి, పన్ను విడిగా చూపించి. ఉత్త స్టేట్‌మెంటు మీద ఫీజు రాస్తే మా బల్ల మీద అది ఎప్పటికీ కదలదు. డెబిట్ నోటు ఉన్నా కదులుతుందని మాట ఇవ్వలేను. ఆ 18 శాతం మా కొనుగోలు ఆర్డరులో లేకపోతే మా మేనేజరు సంతకం పెట్టడు.

---

లెక్కలమ్మ · సెప్టెంబరు 15, ఉదయం 6:55

రాత్రి మళ్లీ రాశాను. మొదటి రెండు పేరాలు దాదాపు అవే. మారినవి ఇవి:

> మొదట నా తప్పు చెబుతాను. 8వ తేదీ ఉదయం కనిపించిన 1,687 తప్పు, సాయంత్రం కనిపించిన సున్నా కూడా తప్పు. షీటు ఆ రోజుకు మిగిలిన బాకీని మాత్రమే చూస్తోంది, ఆలస్యంగా వచ్చి చేరిన డబ్బును మరచిపోతోంది. ఆ సూత్రం నేను రాసిందే. ఇప్పుడు మార్చాను. ఆగస్టు 9న వచ్చిన 60,000 ముప్పై రోజులు, సెప్టెంబరు 8న వచ్చిన 57,000 అరవై రోజులు ఆలస్యం. దాని ప్రకారం ఫీజు 2,574. ఇకమీదట హోటల్ పూర్తిగా కట్టినా ఈ అంకె చెరగదు. మీరు అడుగుతారా, మాఫీ చేస్తారా అన్నది వేరే గడి. అందులో మీ మాటే ఉంటుంది.
>
> అడిగితే దీనికి 18 శాతం జీఎస్టీ, 463 రూపాయలు, కలిపి 3,037కు డెబిట్ నోటు పంపాలి. వారు ఇచ్చిన నెల లెక్కలో ఆ పన్ను మనం కట్టాలి. ఇవ్వకపోతే కట్టేది లేదు.
>
> ఫలానా బిల్లుకు అని చెప్పకుండా ఎవరైనా డబ్బు వేస్తే పాత బిల్లుకే ముందు జమ చేస్తున్నాను. ఎవరికీ దీన్ని మార్చను.
>
> మీరు ఫోనులో తేదీ కొట్టేటప్పుడు నెలను అంకెలో కాక పేరుతో రాయండి. లేకపోతే షీటు జూన్ 10ని అక్టోబరు 6 అనుకుంటోంది. అలా నాలుగు తిరగబడ్డాయి. ఇంకో మూడింటిని అసలు తేదీలుగానే తీసుకోక, ఆ బిల్లులు కంటికి కనబడకుండా పోయాయి, వాటిలో ఒకటి ఆసుపత్రిది, ఏప్రిల్ నాటిది. జాబితా విడిగా పంపుతున్నాను, ఫీజు మాట తరువాత, ముందు దాని సంగతి చూడండి.
>
> మీరు తేల్చవలసినవి రెండు. 18 శాతం అన్న మాట కొటేషనులో కూడా వేద్దామా? బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టాలా, బిల్లు వారికి చేరిన తేదీ నుంచా?

---

ఒక్కముక్క · ఉదయం 7:20

నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆసుపత్రి పేరాను మొదటికి తీసుకెళ్లండి. మిగతాది చదవకపోయినా అది చదవాలి.

---

పాతచిట్టా · ఉదయం 8:00

నిజమే, పైకి తీసుకెళ్లండి. ఏడు రోజుల ఓపిక గురించి కూడా ఒక అంకె వేయండి. జులై 17న పూర్తిగా కడితే సున్నా, 18న కడితే ఎనిమిది రోజులకు 462. ఒక్క రోజు తేడాకు 462 ఎందుకు అని మొదటి హోటలే అడుగుతుంది. ఆయన జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

---

కిరణ్_గుంటూరు · ఉదయం 8:15

ఓపిక రోజులు పోగా ఎనిమిదో రోజు నుంచే లెక్కపెడితే గొడవ ఉండదు కదా?

---

పాతచిట్టా · ఉదయం 8:21

ఉండదు. అప్పుడు గడువు 37 రోజులు అయినట్టే, మొదటే 37 అని రాసుకోవచ్చు. అది వ్యాపారి ఇష్టం, నాది కాదు.

---

లెక్కలమ్మ · సెప్టెంబరు 16, రాత్రి 9:10

ఆయన ఉత్తరం చదివారు. మొదట ఆసుపత్రికి వెళ్లారు. బిల్లు వాళ్లకు చేరనే లేదట, మళ్లీ ఇచ్చి వచ్చారు. దానికి ఫీజు అడగవద్దన్నారు.

కొటేషనులో 18 శాతం వేయడానికి ఒప్పుకున్నారు, కొత్త వాళ్లకు మాత్రం. ఓపిక రోజుల మీద ఏమీ అనలేదు.

హోటల్ బిల్లు ఎప్పుడు పంపారో వాట్సాప్‌లో వెతికించాను. బిల్లు మీద జూన్ 10, పంపింది జూన్ 14. ఆ లెక్కన గడువు జులై 14, వసూళ్లు 26, 56 రోజుల ఆలస్యం, ఫీజు 2,343. షీటులో "పంపిన తేదీ" అని ఒక నిలువు వరుస కలిపాను. డెబిట్ నోటు మీద 2,574 వేయాలా, 2,343 వేయాలా, అసలు పంపాలా వద్దా అన్నది రేపు చెబుతానన్నారు.

---

బిల్లులబల్ల · రాత్రి 9:32

జాబ్ షీటు మీద సంతకం ఏ తేదీన ఉందో కూడా చూడండి.